కూర్చునే నిద్రపోయిన రాత్రులు: విజయవాడ నుంచి కాశీ, గయ

మేం తిరిగొచ్చి ఇవాళ్టికి మూడో రోజు. నాన్న పక్క గదిలో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. ఆ మెడకింద తలగడ చూస్తుంటే, మర్చిపోకముందే రాసేయాలనిపించింది. కాశీ గురించి చాలామంది రాస్తారు. నేను రాయాలనుకున్నది కాశీ చేరే లోపలా, తిరిగొచ్చే లోపలా గడిచిన రాత్రుల గురించి. నేను ఫిజియోథెరపిస్టును. "రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చానమ్మా, మెడ తిరగట్లేదు" అంటూ వచ్చేవాళ్లను పదిహేనేళ్లుగా చూస్తున్నాను. వాళ్లకు చెప్పే మాటలన్నీ డెబ్బై మూడేళ్ల మా నాన్న మెడ మీద సరిచూసుకునే అవసరం ఈసారి వచ్చింది.

డిసెంబరు 6, రాత్రి, విజయవాడ

అమ్మ పోయి ఏడాది అయింది. గయలో పిండం పెట్టాలని నాన్న కోరిక. దానాపూర్ వెళ్లే రైల్లో స్లీపర్ క్లాసులో మాకు దొరికింది ఆర్ఏసీ. అంటే సైడ్ లోయర్ బెర్తు ఒక్కటే, మనుషులు ఇద్దరు. చార్టు పడ్డాక కూడా అది మారలేదు.

ప్లాట్‌ఫాం మీద కొట్లో గుర్రపు నాడా ఆకారంలో ఉండే మెడ దిండు కొన్నాను. మూడు వందలు చెప్పి రెండు వందల యాభైకి ఇచ్చాడు. నాన్నకు అది నచ్చలేదు. "నా తుండు నాకుంది, ఇదెందుకు?" అన్నారు. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

బండి కదిలాక అందరూ చేసే పనే మేమూ చేశాం. రెండు సీట్ల వీపులూ మడిచి బెర్తు పరిచాం. ఆ చివర నాన్న, ఈ చివర నేను, మధ్యలో నాలుగు కాళ్లూ బారజాపి పక్కపక్కన. ఇంటినుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. కాళ్లు చాపుకునే వీలుంది కదా, బాగానే ఉంటుందనుకున్నాం.

ఖమ్మం దాటేసరికే నాన్న తల గుండెల మీదికి వాలింది. ఉలిక్కిపడి లేచారు. మళ్లీ వాలింది, మళ్లీ లేచారు. వరంగల్ వచ్చేలోపు అలా ఎన్నిసార్లు జరిగిందో. మెడ దిండు పెట్టాను. తల ఇంకా తొందరగా వాలసాగింది.

అలా ఎందుకు జరుగుతుందో చెప్పాలి, ఈ యాత్రలో మిగతాదంతా దాని మీదే నడిచింది. తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెడ వెనక కండరాలు దాన్ని పట్టుకుని ఉంటాయి. నిద్ర పట్టగానే అవి వదులవుతాయి. తల బరువులో ఎక్కువ భాగం వెన్ను కన్నా ముందుకే ఉంటుంది కాబట్టి తల ముందుకు పడుతుంది. అలా పడి అక్కడే ఉండిపోతే బరువంతా మెడ వెనక కండరాలకు, కీళ్లను కట్టి ఉంచే పట్టీలకు వేలాడుతుంది. పొద్దున్నే మెడ పట్టేసేది అందుకే.

కానీ ఆ రాత్రి నాన్న తల పడడానికి మూలం మెడలో లేదు, కాళ్లలో ఉంది. కాళ్లు బారజాపి నిటారు చెక్కకు వీపు ఆనించి కూర్చుంటే, తొడల వెనక కండరాలు బిగుసుకుని కటిని కిందికి లాగుతాయి. కటి వెనక్కి ఒరిగిపోతుంది, నడుం విల్లులా వంగుతుంది, పిరుదులు మెల్లగా ముందుకు జారతాయి. నడుం అలా వంగాక మెడకు ముందుకు రావడం తప్ప దారి లేదు. వయసులో ఉన్నవాళ్లకు కూడా ఇది జరుగుతుంది. తొడలు బిగుసుకుపోయిన పెద్దవాళ్లకైతే పది నిమిషాలు చాలు.

డిసెంబరు 7, అర్ధరాత్రి దాటాక, రైల్లో

బాత్రూముకని లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక కుర్రాడు నేలమీద, తన సంచి మీద కూర్చుని గాఢంగా నిద్రపోతున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. బెంగుళూరులో తాపీ పని చేసి బక్సర్ దగ్గర ఊరికి వెళ్తున్నాడని పొద్దున తెలిసింది. నన్ను ఆపింది అతను కూర్చున్న తీరు. మోకాళ్లు గుండెల దాకా ముడుచుకుని, గంఛా అనే తుండును నడుం వెనకనుంచి తెచ్చి మోకాళ్ల చుట్టూ తిప్పి ముడేశాడు. చేతులు వదిలేశాడు. నుదురు మోకాళ్ల మీద ఉంది. రైలు ఎంత ఊగినా మనిషి ఒరగడం లేదు.

వచ్చి నాన్నకు చెబితే, "అది మన రచ్చబండ దగ్గర ముసలాళ్లు తుండు కట్టుకుని కూర్చున్నట్టే కదమ్మా. యోగ నరసింహస్వామి మోకాళ్లకు పట్టీ ఉండదూ?" అన్నారు. నిజమే. యోగ నరసింహుడికీ అయ్యప్పకూ విగ్రహాల్లో మోకాళ్లను బిగించి ఉండే ఆ పట్టీ పేరు యోగపట్టం. నా పుస్తకాల్లో కటిని నిలబెట్టడం గురించి పేజీలకు పేజీలున్నాయి, ఇది మాత్రం ఎక్కడా చదవలేదు. మోకాళ్లు ముందుకు జారబోతే ఆ గుడ్డ నడుమును ముందుకు లాగుతుంది, నడుం వెనక్కి పడబోతే మోకాళ్లు దాన్ని పట్టుకుంటాయి. ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. కండరం చేయాల్సిన పని గుడ్డ చేస్తుంది.

నాన్న తన తుండుతో వెంటనే కట్టుకున్నారు. ఇరవై నిమిషాలు బాగా నిద్రపోయారు కూడా. తర్వాత మోకాళ్లు నొప్పి అన్నారు. అంత ముడిచిన మోకాలు అరిగిన కీళ్లకు పడదు, పిక్కల్లో రక్తం కూడా సరిగా తిరగదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు అసలు చేయకూడదు. ఆ కుర్రాడికి సరిపోయింది నాన్నకు సరిపోలేదు. కానీ దాంతో దారి తెలిసింది. మోకాళ్లు వంగి ఉండాలి, నడుం వెనక ఖాళీ ఉండకూడదు.

ఇద్దరం లేచి పడకను మళ్లీ మార్చాం. బెర్తు మడత విప్పి రెండు సీట్లూ ఎదురెదురుగా చేశాం. బట్టల బ్యాగును మధ్యలో నేలమీద పెట్టి నాన్న పాదాలు దాని మీద ఆన్చాం. మోకాలు తుంటికన్నా కాస్త పైకి వచ్చింది, అంతే. ఆయన పంచెను చుట్టగా చుట్టి, బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం పైన, నడుం వంపులో పెట్టాను. ఇక్కడ ఒక కొలత గుర్తుపెట్టుకోవాలి. చుట్ట మన ముంజేయి అంత లావుంటే చాలు. తలగడ అంత లావు పెడితే నడుం ముందుకు పొడుచుకొచ్చి గంటలో నొప్పి మొదలవుతుంది.

తెల్లవారేలోపు రెండు గంటలు నిద్రపోయారు. తల ఇంకా వాలుతూనే ఉంది కానీ ఉలికిపాట్లు తగ్గాయి.

డిసెంబరు 7, పగలు, నాగపూర్ నుంచి జబల్‌పూర్

నాగపూర్‌లో కమలాలు. డజను తొంభై రూపాయలు, తొక్క చేత్తో పట్టుకుంటే ఊడొచ్చేంత మాగినవి. మా ఎదురు బేలో ఉన్న బీహారీ కుటుంబంలోని పెద్దావిడకు నాలుగిచ్చాను. ఆవిడ మాకు సత్తుపిండిలో ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవనూనె వేసి కలిపి ముద్దలు చేసి పెట్టింది. ఆవనూనె ఘాటు నాన్నకు ముక్కుకెక్కింది. అయినా రెండు ముద్దలు తిన్నారు. వాళ్లలో పెట్టింది వద్దనడం చాలా తప్పు అని ఆయనే నాకు చెప్పారు.

మధ్యాహ్నం నాన్న చెప్పులు బిగుతయ్యాయి. రెండు పాదాలూ చీలమండల దగ్గర ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడింది. గంటలకొద్దీ కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే నీరు దిగుతుంది. రెండు కాళ్లకూ సమానంగా ఉండి, పడుకుంటే తగ్గేది అయితే టెన్షన్ పడక్కర్లేదు. ఒక్క కాలే వాచి, ఆ పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే మాత్రం అది సిరలో రక్తం గడ్డ కట్టడం కావచ్చు. దాన్ని పిసకకూడదు, మర్దన చేయకూడదు, దిగి డాక్టరును చూడాలి. ఊపిరాడకపోవడం, గుండెల్లో నొప్పి కూడా తోడైతే ఒక్క నిమిషం ఆగకూడదు. నాన్నవి రెండూ సమానంగానే ఉన్నాయి. గంటకోసారి పెట్టె ఆ చివరనుంచి ఈ చివరకు నడిపించాను. కూర్చున్నప్పుడు మడమ నేలకు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇలా ఇరవై సార్లు చేయించాను. పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది. దానికి వేరే పంపు లేదు.

రాత్రి బాత్రూముకు లేవాల్సి వస్తుందని ఆయన నీళ్లు తాగడం మానేశారు. అదీ సరికాదు. సాయంత్రం దాకా మామూలుగా తాగించి, ఏడు తర్వాత తగ్గించాను. ఒక స్నేహితుడు ఇచ్చాడని జలుబు మాత్ర తీసి, "ఇది వేసుకుంటే మత్తుగా ఉంటుందట" అన్నారు. వద్దన్నాను. మత్తులో మనిషి కదలడు, ఇబ్బందైనా భంగిమ మార్చుకోడు. పైగా అర్ధరాత్రి ఊగే రైల్లో తూలుతూ బాత్రూముకు వెళ్లాలి.

అదే రోజు రాత్రి, రైల్లో

రెండో రాత్రికి మెడ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. దిండు ఎందుకు పనికిరాలేదో పగటి వెలుతురులో చూసుకున్నా. దాని వెనక భాగం మూడు వేళ్ల మందం ఉంది. సీటుకు ఆనుకున్నాక నాన్న తల వెనక భాగం సీటుకు తగలడం లేదు. ఆ మందం తలను ముందుకు తోసేస్తోంది. ముందు వైపు మాత్రం ఖాళీ. తల పడేది ముందుకైతే ఆసరా వెనక ఉండి ఏం లాభం?

మీరు కొనేముందు కొట్లోనే గోడకు ఆనుకుని దిండు పెట్టుకుని చూడండి. తల వెనక భాగం గోడకు తగలాలి. తగలకపోతే ఆ దిండు మీకు కాదు. లోపల చిన్న పూసలు నింపినవైతే ఇంకో చిక్కు. బరువు పడిన చోటునుంచి పూసలు పక్కకు జరిగిపోతాయి. సరిగ్గా ఆసరా కావాల్సిన చోటే పలచబడుతుంది.

దిండును వెనక్కి తిప్పాను. తెరుచుకున్న వైపు మెడ వెనక్కి, మందమైన వైపు గడ్డం కిందికి. తల సీటుకు ఆనింది. గడ్డం దిండు మీద కూర్చుంది, నోరు మూసుకుంది. నోరు తెరిచి నిద్రపోతే గొంతు ఎండి మెలకువ వస్తుంది, అదీ తప్పింది. కానీ అరగంటకు నాన్న, "గొంతు నొక్కినట్టుందమ్మా" అన్నారు. దిండుకూ గొంతుకూ మధ్య రెండు వేళ్లు దూరాలి, దూరలేదు. ఆయన మెడ పొట్టి.

అప్పుడు తుండు తీసుకున్నాం. మొదటినుంచి ఆయన అడుగుతున్నది అదే. ఐదడుగుల పొడవున్న నూలు తుండును నిలువుగా మడిచాం. వెడల్పు గడ్డం నుంచి మెడ కింది ఎముక దాకా, అంటే నాలుగు వేళ్లు. మధ్య భాగంలో ఇంకో చిన్న టవలు పెట్టి మందం చేశాం, రెండు చివర్లూ పలచగా ఉంచాం. మందమైన మధ్య భాగం గడ్డం కింద, పలచటి చివర్లు మెడ వెనకనుంచి తిప్పి పక్కన దోపాం. మేం క్లినిక్‌లో ఇచ్చే మెత్తటి ఫోం కాలర్ చేసే పని ఇదే. కాకపోతే మడతను ఎవరి మెడకు వాళ్లు కొలిచి వేసుకోవచ్చు, బిగుతనిపిస్తే క్షణంలో లాగేయొచ్చు. దాని పైన మఫ్లర్, కిటికీ సందులోంచి వచ్చే చలిగాలికి.

జబల్‌పూర్ దాటాక పడుకున్నారు. నేను తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా చూస్తూనే ఉన్నాను. రెండుసార్లే కదిలారు. తల పక్కకు ఒరిగింది కానీ తుండు అంచు దవడను పట్టుకుంది. తర్వాత నేనూ ఆ దిండునే తిప్పి పెట్టుకుని నిద్రపోయాను. నా మెడ పొడవు, నాకు అది సరిపోయింది.

డిసెంబరు 8–10, కాశీ

పొగమంచు వల్ల తెల్లవారకముందే రావాల్సిన మొగల్‌సరాయ్ ఏడున్నరకు వచ్చింది. ఇప్పుడు దాని పేరు దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, ఆటోవాళ్లు మాత్రం పాత పేరే అంటారు. ఐదు వందలు అడిగి నాలుగు వందలకు వచ్చాడు. తప్పు సందు దగ్గర దించేసి వెళ్లిపోతే, మేం దిగాల్సిన ఆశ్రమం ఉన్న పాండే హవేలీకి దారి అడుగుతూ అరగంట నడిచాం. ఒక పాలకొట్టు అతను కొట్టు వదిలి మమ్మల్ని మలుపు దాకా తీసుకెళ్లాడు. అతని దగ్గరే మర్నాడు పొద్దున మలైయో తిన్నాం. చలికాలంలో పాలనురుగుతో చేస్తారు, కుంకుమపువ్వు వాసన, నోట్లో పెట్టుకుంటే గాలిలా పోతుంది. మట్టి ముంతలో నలభై రూపాయలు.

ఆశ్రమంలో మంచం మీద పడుకున్న మొదటి రాత్రి నాన్న పది గంటలు లేవలేదు. మెడ కొంచెం బిగుసుగా ఉంది. వేడి నీళ్ల గుడ్డ వేసి, గడ్డాన్ని మెల్లగా ఒక్కో భుజం వైపు తిప్పించాను. నొప్పి వచ్చే చోట ఆపించాను. అలాంటి బిగువు రెండు మూడు రోజుల్లో పోతుంది. చేతిలోకి తిమ్మిరి పాకినా, గ్లాసు పట్టు జారుతున్నా అది నిద్ర వల్ల వచ్చిన బిగువు అనుకుని ఊరుకోకూడదు.

డిసెంబరు 10, రాత్రి, గయ దారిలో

ఆశ్రమంలో కలిసిన పదకొండుమంది తెలుగువాళ్లం కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. తలకు పన్నెండు వందలు. రాత్రి పదికి బయల్దేరి ససారాం, ఔరంగాబాద్ మీదుగా తెల్లవారేసరికి గయ.

తెనాలి నుంచి వచ్చిన ఒక మామ్మగారు మా ముందు సీట్లో. ఎక్కగానే బట్టల మూటను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, చెంప దాని మీద ఆన్చి పడుకున్నారు. రైల్లో అయితే అది చాలా మంచి పద్ధతి. తల పడాల్సిన చోటికి ముందే చేరిపోయింది కాబట్టి ఇక పడేదేం లేదు. కానీ రోడ్డు మీద, పొగమంచులో, సడన్ బ్రేకు వేస్తే ఆ తల ముందు సీటు కడ్డీకి కొట్టుకుంటుంది. "మామ్మగారూ, ఈ బండిలో మాత్రం వెనక్కి ఆనుకోండి, బెల్టు పెడతాను" అన్నాను. "ఇన్నేళ్లూ ఇలాగే పడుకున్నానే పిల్లా" అన్నారు. మొదట ఒప్పుకోలేదు. ససారాం ముందు లారీ అడ్డొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. మూట జారి కింద పడింది. ఆవిడకు దెబ్బేం తగల్లేదు. తర్వాత ఆవిడే బెల్టు అడిగారు. బెల్టు పొట్ట మీదనుంచి కాదు, తొడలు మొదలయ్యే ఎముకల మీదనుంచి పోవాలి. మూటను ఆవిడకూ కిటికీ గోడకూ మధ్య పెట్టాను. తల నేరుగా అద్దానికి ఆనితే బండి అదురు దవడలోకి వస్తుంది, మధ్యలో బట్టలుంటే ఆ అదురు వాటిలోనే పోతుంది. సీటును వాలగలిగినంత వెనక్కి వాల్చాం. ఆ కొద్ది వాలుతోనే తల బరువు కొంత సీటు మీదికి పోతుంది.

రాత్రి రెండింటికి ఢాబా దగ్గర ఆగాం. మట్టి కప్పులో అల్లం టీ పది రూపాయలు. డ్రైవరు ముఖం కడుక్కుని ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటానన్నాడు. మాలో ఒకాయన ఆలస్యమవుతుందని విసుక్కుంటే నాన్న, "పడుకోనివ్వండి బాబూ, మనందరి నిద్రా ఆయన చేతుల్లోనే ఉంది" అన్నారు.

డిసెంబరు 11, గయ

ఫల్గు ఒడ్డున, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం కింద మూడు చోట్లా పిండాలు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. నాన్న మూడు గంటలు నేలమీద కూర్చుని, వంగి లేచి చేశారు. ముందు రాత్రి ఆయన సరిగా నిద్రపోకపోయి ఉంటే అది చేయగలిగేవారు కాదు. నాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. గయ తిల్‌కుట్ అర కిలో కొన్నాం, అమ్మకు నువ్వులంటే ఇష్టమని.

డిసెంబరు 13, రాత్రి, హైదరాబాద్ నుంచి ఇంటికి

కాశీ మీదుగా విమానంలో హైదరాబాద్ వచ్చి రాత్రి బస్సెక్కాం. నాన్న సీటు వెనక్కి వాలలేదు, లివర్ పని చేయడం లేదు. కండక్టరు ఇంకో సీటు ఖాళీ లేదన్నాడు. నేను మార్చుకుందామంటే నాన్న వద్దన్నారు. ఆయనే పైనుంచి చిన్న బ్యాగు దించి పాదాల కింద పెట్టుకున్నారు. పంచె చుట్టి నడుం వెనక దోపుకున్నారు. తుండు నిలువుగా మడిచి, నాలుగు వేళ్లు కొలిచి, గడ్డం కింద పెట్టుకుని చివర్లు వెనక్కి తిప్పారు. బెల్టు బిగించుకున్నారు. సూర్యాపేటలో బస్సు ఆగి లైట్లు వేసినప్పుడు చూశాను. నోరు మూసుకుని, తల సీటుకు ఆనించి నిద్రపోతున్నారు. టీకి లేపలేదు.